మా రాత్రిబడి లెక్క 2.5 నుంచి 0.91కి ఎలా దిగింది

గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ కోసం మా సంస్థ రాత్రిబడి నడుపుతుంది. పోయిన ఏడాది ఖర్చు 4,80,000 రూపాయలు, చేరినవాళ్ళు 120 మంది. రూపాయి పెడితే సమాజానికి ఎంత తిరిగొచ్చిందో, అంటే ఎస్‌ఆర్‌ఓఐ, చూపించమని దాతలు అడిగారు. మొదట నేను తలకి 10,000 లాభం అని వేసి, 120తో గుణించి 2.5 అని రాసేశాను. ఆ 10,000 ఎక్కడిదని మా కార్యదర్శి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు లాజిక్ మోడల్, అంటే పెట్టిన డబ్బు నుంచి చివరి ఫలితం దాకా బాణాలతో మెట్టు మెట్టుగా చూపే బొమ్మ, మళ్ళీ మొదటినుంచి గీశాం. డబ్బు, టీచర్లు ఒకవైపు. తర్వాత క్లాసులు, హాజరు. ఆ తర్వాత చదవడం రావడం. చివర కూలీ లెక్క తనే చూసుకోవడం, బ్యాంకు ఫారం తనే నింపుకోవడం. పేరా చదివించి చూస్తే 70 మందికి వచ్చింది. కానీ ఇళ్ళకు వెళ్ళి అడిగితే ఆ చదువును నిజంగా వాడుతున్నది 48 మందే. మిగతా 22 మంది ఎందుకు వాడట్లేదో ఒకావిడ ఒక్క ముక్కలో చెప్పింది: "పుస్తకం మేస్త్రి దగ్గరే ఉంటదమ్మా, మా చేతికిస్తేగా చదివేది." చదువొస్తే లెక్క చూసుకుంటారు అని మేం గీసిన బాణం కింద, కూలీ లెక్క రాసే పుస్తకం ఆమె చేతికి వస్తుందనే ఊహ ఒకటి దాగుంది, దాన్ని మేం ఎక్కడా రాయలేదు. థియరీ ఆఫ్ చేంజ్ అంటే అలాంటి ఊహల్ని బయటికి తీసి రాయడమేనని నాకు అక్కడే అర్థమైంది.

ఇక డబ్బు లెక్క. తగ్గించి ఇచ్చిన కూలీని పట్టుకోవడం, ఫారం నింపిపెట్టేవాళ్ళకు ఇచ్చే 20 రూపాయలు మిగలడం, అన్నీ కలిపి సగటున ఏడాదికి 4,000 అని వాళ్ళే చెప్పారు. 48 మందికి 1,92,000. మా బడి లేని పక్క పేటలో 30 మందిని అడిగితే ముగ్గురు పిల్లల దగ్గరే నేర్చుకున్నారు, కాబట్టి బడి లేకపోయినా జరిగేదని 10 శాతం తీసేశాం. డ్వాక్రా మీటింగుల పుణ్యం కూడా ఉందని వాళ్ళే అన్నారు, దానికి మిగిలినదాంట్లో 25 శాతం. తేలింది 1,29,600. చదువు వాడకపోతే మర్చిపోతారు కనుక ఏటా 20 శాతం తగ్గిస్తూ ఐదేళ్ళకు కలిపితే సుమారు 4,35,700. ఖర్చుతో భాగిస్తే 0.91.

కూలీ డబ్బు మేస్త్రి జేబులోంచి ఆమె జేబులోకి మారిందే తప్ప కొత్తగా పుట్టింది కాదు కదా అని ఒక స్నేహితుడు అడిగాడు, సరైన ప్రశ్నే. అది ఆమె కష్టార్జితం కాబట్టి లెక్కలో ఉంచాం, కానీ అదెంతో రిపోర్టులో విడిగా చూపించాం. ఒంటరిగా బస్సెక్కే ధైర్యానికి మాత్రం ధర కట్టలేదు, వాళ్ళ మాటల్లోనే రాశాం.

0.91నే పంపాం. ఈ ఏడాది మొదటి పాఠం అక్షరాలు కాదు, రోజుకూలీ రాసుకునే సొంత నోటుపుస్తకం. జనవరిలో మళ్ళీ ఆ 22 ఇళ్ళకు వెళ్ళి, పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూస్తాం.