ln నొక్కాల్సిన చోట log నొక్కి

ఎమ్మెస్సీ ఎంట్రన్స్ కోసం హన్మకొండలో రూమ్ తీసుకుని చదువుతున్న రోజులవి. థర్మోలో ఒక్క లెక్క నన్ను నాలుగు రోజులు కూర్చోబెట్టింది. 298 కెల్విన్ దగ్గర ఒక మోల్ బెంజీన్, ఒక మోల్ టోలీన్ కలిపితే గిబ్స్ శక్తి ఎంత మారుతుంది? రెండూ కలిస్తే దాదాపు ఆదర్శ ద్రావణమే. సూత్రం నోటికొచ్చు:

ΔG = RT (n₁ ln x₁ + n₂ ln x₂)

R వాయు స్థిరాంకం, T ఉష్ణోగ్రత, n మోల్‌ల సంఖ్య, x మొత్తం మోల్‌లలో ఒక్కోదాని వాటా, అంటే మోల్ భిన్నం. ఇక్కడ రెండు మోల్ భిన్నాలూ 0.5. నాకు −1492 జౌళ్లు వచ్చింది, కీలో −3435 ఉంది. పక్క రూమ్ అన్న నా కాలిక్యులేటర్ చూసి నవ్వాడు. "తమ్మీ, నువ్వు log నొక్కినవ్. ఈడ ln నొక్కాలె." ఏ సంఖ్యకైనా ln విలువ log విలువకు 2.303 రెట్లు. నా జవాబును 2.303తో గుణిస్తే కీలో ఉన్నదే. అప్పటి నుంచి జవాబు తేడా వస్తే ముందు ఆ 2.303 కోసమే వెతుకుతాను.

లెక్క తేలింది గానీ అసలు డౌట్ తీరలేదు. ఆదర్శ ద్రావణంలో కలిపినప్పుడు వేడి పుట్టదు, పోదు, ΔH సున్నా. మరి ఏ లాభం చూసుకుని కలుస్తున్నాయి?

అన్న నోట్సు వెనక నాలుగు గళ్లు గీశాడు. రెండు ఎర్ర చుక్కలు, రెండు నీలి చుక్కలు. ఎర్రవి ఎడమకే, నీలివి కుడికే ఉండాలంటే ఒక్కటే తీరు. ఎక్కడైనా ఉండొచ్చంటే ఆరు తీర్లు. నాలుగు చుక్కలకే ఇట్లా ఉంటే, మోల్ అంటే 6 పక్కన 23 సున్నాలు! అణువుల్ని ఎవరూ తోయడం లేదు, అవి ఊరికే తిరుగుతుంటే కలిసి ఉండే తీర్లే లెక్కలేనన్ని. అదే ఎంట్రోపీ. మన లెక్కలో అది కెల్విన్‌కు 11.53 జౌళ్లు పెరిగింది; 298తో గుణించి మైనస్ పెడితే ఆ −3435 వచ్చేస్తుంది. మోల్ భిన్నం ఎప్పుడూ ఒకటి కన్నా తక్కువ కాబట్టి దాని ln రుణమే, ΔG కూడా రుణమే. ΔG రుణమైతే వాటంతటవే కలుస్తాయి, ఏ నిష్పత్తిలో కలిపినా అంతే.

నాకు బాగా నచ్చింది మాత్రం మొదటి చుక్క సంగతి. ఒక మోల్ బెంజీన్‌లో 0.001 మోల్ టోలీన్ వేస్తే ΔG సుమారు −19.6 జౌళ్లు. చూడ్డానికి చిన్నదే. కానీ టోలీన్ మోల్‌కి లెక్కేస్తే 19,600 జౌళ్లు తగ్గినట్టు! సగం సగం కలిపినప్పుడు అది 3435 మాత్రమే. ఎంత కొంచెం వేస్తే మోల్‌కి అంత ఎక్కువ తగ్గుదల. మోల్ భిన్నాన్ని బట్టి ΔG ఎలా మారుతుందో గీసిన గ్రాఫులో రెండు కొసల దగ్గర గీత నిట్టనిలువుగా దిగేది అందుకే. చివరి మలినాన్ని తీసి పారేయడం అంత కష్టం కావడానికీ ఇదే కారణం.

"అట్లయితే నూనె, నీళ్లు ఎందుకు కలవవు అన్నా?" అన్నాను.

"అది ఆదర్శం కాదు గదా. ఆడ నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయి, సూత్రానికి ఇంకో పదం తోడైతది. 'ఎప్పుడూ కలుస్తయి' అన్న మాట ఆదర్శ ద్రావణానికే."

పరీక్షలో ఒక మోల్, మూడు మోల్‌లు ఇచ్చారు. భిన్నాలు 0.25, 0.75. రెండుసార్లు ln నొక్కి చూసుకుని −5573 జౌళ్లకు దగ్గరగా ఉన్న ఆప్షన్ పెట్టాను. పక్కనే −2420 కూడా ఉంది, log నొక్కినవాళ్ల కోసం.