రెండు ఇత్తడి కడ్డీలు, 56 మిల్లీగ్రాములు

ఇంటర్‌లో 2017లో ఆంపియర్ నిర్వచనాన్ని బట్టీ పట్టాను. శూన్యంలో ఒక మీటరు దూరంలో రెండు అనంతమైన సమాంతర తీగలు ఉండి, రెండింటిలో ఒకే కరెంటు పోతూ, ప్రతి మీటరు పొడవుకీ 2×10⁻⁷ న్యూటన్ల బలం పుడితే ఆ కరెంటే ఒక ఆంపియర్. రెండు మార్కులు వచ్చాయి, అక్కడితో మర్చిపోయాను. ఐదేళ్ల తర్వాత ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకి మా మేడం కరెంట్ బ్యాలెన్స్ ఇచ్చినప్పుడు గానీ ఆ వాక్యంలో ఏముందో నాకు అర్థం కాలేదు.

పరికరం చూడ్డానికి చాలా సింపుల్‌గా ఉంటుంది. బల్లకు బిగించిన 30 సెంటీమీటర్ల ఇత్తడి కడ్డీ ఒకటి. దానికి సరిగ్గా పైన, అంతే పొడవున్న ఇంకో కడ్డీ. పై కడ్డీ ఒక తేలికైన ఫ్రేములో భాగం. ఆ ఫ్రేము కత్తి అంచుల మీద త్రాసులా ఊగుతుంది. రెండు కడ్డీలనూ సిరీస్‌లో కలిపి, కరెంటు ఎదురెదురు దిశల్లో పోయేలా పెడితే అవి వికర్షించుకుంటాయి, పై కడ్డీ లేస్తుంది. దాన్ని మళ్లీ మొదటి చోటికి దించడానికి ఎంత బరువు పెట్టాలో అదే బలం. ఫ్రేముకి చిన్న అద్దం అతికించి, లేజర్ చుక్క ఎదుటి గోడ మీద పెన్సిల్ గీత దగ్గరికి తిరిగి వచ్చిందా అని చూసేదాన్ని. ఊపిరి తగిలినా చుక్క ఊగేది. ఫ్యాన్ ఆపేసి, ఏప్రిల్ ఎండల్లో చెమటలు కక్కుతూ కూర్చునేదాన్ని.

కడ్డీల మధ్య దూరం ఒక సెంటీమీటరు, కరెంటు 10 ఆంపియర్లు. బలం F, కరెంటు I, కడ్డీ పొడవు L, దూరం d, శూన్యపు అయస్కాంత స్థిరాంకం μ₀ అనుకుని F = μ₀I²L/2πd లో వేస్తే 6×10⁻⁴ న్యూటన్లు, అంటే దాదాపు 61 మిల్లీగ్రాముల బరువు. మా బరువుల పెట్టెలో అతి చిన్నది 10 మిల్లీగ్రాములు. ల్యాబ్‌లో పనిచేసే బాబాయ్ ఒక ఉపాయం చెప్పారు. 40 గేజ్ రాగి తీగ ఐదు మీటర్లు తూచి చూస్తే సుమారు అర గ్రాము తూగింది, అంటే సెంటీమీటరుకి దాదాపు ఒక మిల్లీగ్రాము. స్కేలు పెట్టి ముక్కలు కత్తిరించి, కొక్కేల్లా వంచి, పట్టుకారుతో ఒక్కొక్కటే కడ్డీకి తగిలించేదాన్ని.

మొదటి రోజు 68 మిల్లీగ్రాములు వచ్చింది. 61 రావాల్సింది 68 వచ్చిందేమిటని రెండు రోజులు అదే కొలిచాను. మళ్లీ 68. దూరం తప్పేమో అనుకున్నాను. సూత్రంలో d అంటే కడ్డీల మధ్య కనిపించే ఖాళీ కాదు, కేంద్రం నుంచి కేంద్రానికి ఉన్న దూరం. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీలకి ఖాళీ 7 మిల్లీమీటర్లే ఉంటుంది. ఇక్కడ పొరపాటు పడేవాళ్లు చాలామంది ఉంటారు, నేను మాత్రం సరిగ్గానే పెట్టాను. కత్తి అంచులను ఎమెరీ కాగితంతో రుద్దాను. ఏమీ మారలేదు.

మూడో రోజు, వేరే ఏమీ తోచక, సప్లై దగ్గర రెండు వైర్లూ అటుదిటు మార్చాను. రెండు కడ్డీల్లోనూ కరెంటు ఒకేసారి తిరగబడుతుంది కాబట్టి వికర్షణ అలాగే ఉండాలి. కానీ 44 వచ్చింది!

కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. దిశ మారిస్తే మారే బలం కడ్డీలు ఒకదాని మీద ఒకటి చూపేది కాదు. కడ్డీ మీద ఇంకేదో పనిచేస్తోంది. అది భూమి. మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం సుమారు 40 మైక్రోటెస్లాలు. 10 ఆంపియర్లు పోయే కడ్డీ ఒక సెంటీమీటరు దూరంలో పుట్టించే క్షేత్రం 200 మైక్రోటెస్లాలు. భూమిది అందులో ఐదో వంతు! మా బల్ల తూర్పు పడమరలుగా ఉంది. కరెంటు తూర్పుకి పోతే భూమి కడ్డీని పైకి తోస్తుంది, పడమరకి పోతే కిందికి లాగుతుంది. ఒక్కో వైపుకి 12 మిల్లీగ్రాములు. 68కి, 44కి సగటు 56.

రుజువు కోసం బాబాయ్, నేను కలిసి బల్లని ఉత్తర దక్షిణాలుగా తిప్పాం. అప్పుడు కరెంటు ఎటు పోయినా 56. ఆ సాయంత్రం ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

కానీ 61కి 56 ఇంకా తక్కువే. అందులో కొంత నా కడ్డీ పొడవు వల్ల. సూత్రం అనంతమైన తీగలది. 30 సెంటీమీటర్ల కడ్డీకి చివర్లలో బలం తగ్గుతుంది. L బదులు √(L²+d²) − d వాడాలి, అంటే 30 కాకుండా 29 సెంటీమీటర్లు. దాంతో రావాల్సింది 59.3 అయింది. దూరాన్ని ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌తో మళ్లీ చూశాను, సరిగ్గానే ఉంది. మూడు మిల్లీగ్రాములు ఇంకా ఎక్కడ పోయాయి?

మేడం దగ్గరికి వెళ్లి నా μ₀ తప్పు వస్తోందన్నాను. ఆవిడ అమ్మీటర్ వైపు చూసి, "ఏమ్మా, ఇక్కడ నువ్వు దేన్ని దేనితో కొలుస్తున్నావు?" అని అడిగారు.

నేను అమ్మీటర్ని నమ్మి, త్రాసుని అనుమానిస్తున్నాను. నిర్వచనం చెప్పేది దానికి తలకిందులు. 1948లో తూనికలు కొలతల సర్వసభ్య సమావేశం ఆ వాక్యాన్ని ఆమోదించినప్పుడు 2×10⁻⁷ అనే అంకెని ఎవరూ కొలవలేదు, నిర్ణయించారు. μ₀ సరిగ్గా 4π×10⁻⁷ అని ఖరారైపోయింది. ఇక మిగిలింది బరువు, పొడవు, దూరం. అవి చేతిలో ఉంటే కరెంటు ఎంతో త్రాసే చెబుతుంది, వేరే మీటరు అక్కర్లేదు. ఇంగ్లండ్ జాతీయ ప్రయోగశాలలో కూడా అనంతమైన తీగలు సాగదీయలేదు, తీగ చుట్లు వేలాడదీసిన త్రాసుతోనే ఆంపియర్‌ని సాధించారు.

ఆ అంకె ఎందుకు అంత వింతగా ఉందో కూడా అప్పుడే తెలిసింది. పాత సెంటీమీటరు, గ్రాము పద్ధతిలో, ఒక సెంటీమీటరు దూరంలో ప్రతి సెంటీమీటరుకీ 2 డైన్ల బలం కలిగించేదే కరెంటు ప్రమాణం. అందులో పదో వంతుని ఆంపియర్ అన్నారు. అంటే ఆ పాత ప్రమాణం నా 10 ఆంపియర్లే, ఆ దూరం నా సెంటీమీటరే. దాన్నే మీటర్లు, న్యూటన్లలోకి మార్చితే 2×10⁻⁷ వచ్చి కూర్చుంది.

56ని 59.3తో భాగించి వర్గమూలం తీశాను, 0.97. అంటే మీటరు 10 చూపిస్తున్నప్పుడు నిజంగా పోతున్నది 9.7 ఆంపియర్లు. పక్క ల్యాబ్ నుంచి కొత్తగా క్యాలిబ్రేట్ చేసిన మీటరు తెచ్చి సిరీస్‌లో పెడితే 9.7 చూపించింది.

వైవాలో ఊహించిన ప్రశ్నే పడింది, ఈ నిర్వచనం ఇప్పుడుందా అని. లేదు. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని 1.602176634×10⁻¹⁹ కూలుంబులుగా స్థిరపరిచి, ఆంపియర్‌ని దాని నుంచి తీసుకుంటున్నారు. ఇప్పుడు μ₀ కొలవాల్సిన రాశి అయింది. నిజంగా కొలిస్తే పాత విలువకి తేడా వెయ్యి కోట్లలో ఒకటీ రెండు వంతులకి మించదు, నా రాగి తీగ ముక్కలకి అది అందదు. "అయితే ఇప్పుడు నీ త్రాసు ఏం కొలిచినట్టు?" అని అడిగారు. కరెంటు వేరే దారిన తెలిస్తే μ₀ని, తెలియకపోతే కరెంటుని అన్నాను. తల ఊపారు.

ల్యాబ్‌లో పాత మీటరుని పారేయలేదు. దాని అద్దం మీద బాబాయ్ చీటీ అతికించారు: 10 అంటే 9.7.