నూజివీడు రూటుకు మనిషి కావాలి

ఈరోజు పొద్దున పదిన్నర నుంచి మూడు దాకా ఇంటర్వ్యూలతోనే సరిపోయింది. నూజివీడు, హనుమాన్ జంక్షన్ వైపు రూటు చూసే అబ్బాయి పెళ్లి కుదిరి హైదరాబాదుకు మారిపోతున్నాడు. అతని స్థానానికి నలుగురు వచ్చారు. మాది విజయవాడలో పీవీసీ పైపులు, ఫిట్టింగుల డిస్ట్రిబ్యూషన్. సేల్స్ ఉద్యోగమనగానే అందరూ మాటల పని అనుకుంటారు. మా దగ్గర ఆ పనేమిటంటే, బండి మీద రోజూ పాతిక హార్డ్‌వేర్ షాపులు తిరిగి ఆర్డర్లు తేవడం, పాత బిల్లుల డబ్బు వసూలు చేయడం, పగిలి వచ్చిన ఎల్బోల గురించి తిట్లు తినడం. మళ్లీ పది రోజులకు అవే షాపులు, అవే మొహాలు.

అందుకే ఇంటర్వ్యూలో గలగలా మాట్లాడేవాళ్లకు మార్కులు వేయడానికి నాకు చేయి రాదు. ఇంటర్వ్యూ గది అభ్యర్థికి మొదటిసారి ఎక్కిన షాపు లాంటిది. అక్కడ అతను అమ్మే సరుకు అతనే. కొనాలని కూర్చున్నది మేమే. అరగంట మంచి అభిప్రాయం కలిగిస్తే చాలు, గెలిచినట్టే. కానీ రూటులో అసలు పరీక్ష నలభయ్యోసారి వెళ్లినప్పుడు మొదలవుతుంది. జోకులన్నీ అయిపోయి ఉంటాయి. ఇచ్చిన మాటలన్నీ షాపు యజమానికి గుర్తుంటాయి.

మొదటి అభ్యర్థి పెయింట్ల వ్యాపారం నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ముఖం నిండా నవ్వు, అడగకముందే జవాబు. మా పెద్దాయనకు రెండు నిమిషాల్లో నచ్చేశాడు. కుర్చీలో వెనక్కి వాలి తల ఊపుతుంటే ఆ సంగతి నాకు తెలిసిపోయింది. నెలకు 12 లక్షల టార్గెట్, ఏడాదంతా ఒక్క నెల కూడా తప్పలేదన్నాడు అతను.

అందరినీ అడిగే ప్రశ్నే అతన్నీ అడిగాను. "పోయిన నెల అమ్మకం వారాల వారీగా ఎలా వచ్చింది?"

"నెలాఖరున ఎక్కువ ఉంటుంది సార్."

"సుమారుగా ఎంత?"

కాస్త ఆలోచించి, "రెండొంతులు" అన్నాడు. అంటే 12 లక్షల్లో 8 లక్షలు చివరి వారంలోనే. ఇంతమాత్రానికే తప్పుపట్టకూడదు. కంపెనీల స్కీములు నెలాఖరుకే ముగుస్తాయి, డీలర్లు ఆ లెక్క చూసుకునే కొంటారు. కాబట్టి ఎవరి దగ్గరైనా చివరి వారం కొంత బరువుగానే ఉంటుంది. తేడా తర్వాతి నెలలో బయటపడుతుంది. అందుకని తర్వాతి నెల మొదటి పది రోజుల్లో ఎంత సరుకు వెనక్కి వచ్చిందని అడిగాను. "కొంచెం వస్తుంది సార్, ప్రతి కంపెనీలోనూ ఉండేదే కదా" అని, ఆ వెంటనే తమ బృందం ఎంత కలిసికట్టుగా పనిచేస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంటర్వ్యూలకు మా అకౌంటెంటుగారిని కూడా కూర్చోబెట్టమని పెద్దాయనతో పోయిన ఏడాది పట్టుబట్టాను. ఆయన అంతవరకూ నోరు విప్పలేదు. అప్పుడు మాత్రం కళ్లజోడు సవరించుకుని, "కొంచెం అంటే లక్షా, రెండు లక్షలా బాబూ?" అని అడిగారు. రెండు లక్షల దాకా ఉంటుందని తేలింది. అతను వెళ్లాక ఆయన కాగితం మీద లెక్క వేసి పెద్దాయన ముందు పెట్టారు. చూపించిన అమ్మకం 12, నిజంగా నిలిచింది 10. వెనక్కి వచ్చిన రెండు లక్షలకు రానూపోనూ లారీ కిరాయి, క్రెడిట్ నోట్లు, జీఎస్టీ సర్దుబాటు. మిగిలిన సరుకు కూడా డీలరు గోడౌన్‌లో బలవంతాన దింపినదే కాబట్టి, "అమ్ముడయ్యాక ఇస్తాను" అనే హక్కు డీలరుకు వస్తుంది. ముప్పై రోజుల్లో రావలసిన డబ్బు డెబ్బై రోజులకు చేరుతుంది. టార్గెట్ ఒక్క నెల కూడా తప్పకపోవడం వెనక ఇంత కథ ఉండవచ్చు.

రెండో అభ్యర్థి గుడివాడ అబ్బాయి. బిస్కెట్ల డిస్ట్రిబ్యూటరు దగ్గర నాలుగేళ్లు చేశాడు. మాట తడబడుతుంది. మొదటి ఐదు నిమిషాలు బల్లవైపే చూస్తూ మాట్లాడాడు. రూటులో ఎన్ని షాపులని అడిగితే నూట నలభై అన్నాడు. నెలలో బిల్లు పడేవి ఎన్ని? తొంభై. ఏడాదిలో కొనడం మానేసినవి ఏవి, ఎందుకు మానేశాయి? ఈ ప్రశ్నకు చాలామంది "పోటీ ఎక్కువైంది" అని ఒక్కముక్కలో తేల్చేస్తారు. ఇతను వేళ్లు ముడుస్తూ ఒక్కో షాపూ చెప్పాడు. ఒకచోట అన్నదమ్ములు వేరుపడి దుకాణం రెండయింది. ఒకచోట ఎలుకలు కొట్టిన పెట్టెలు మార్చి ఇస్తామన్న సూపర్‌వైజరు మాట తప్పాడు. ఇంకోచోట తనకే గొడవైంది, తన తప్పు కొంత ఉందని కూడా అన్నాడు. ఇలాంటి వివరాలను అప్పటికప్పుడు కల్పించడం కష్టం. అక్కడ తిరిగినవాడికే ఉంటాయి. అనుభవం ఎన్నేళ్లని అడిగితే తెలియని సంగతి, మానేసిన షాపుల గురించి అడిగితే తెలుస్తుంది.

వసూళ్ల దగ్గరికి వచ్చేసరికి అతను తేలిపోయాడు. పెద్దవయసు వాళ్లను డబ్బు అడగాలంటే మొహమాటమట. అకౌంటెంటుగారు పెన్ను తీసి ఏదో గట్టిగా రాసుకున్నారు.

మూడో అభ్యర్థిని శానిటరీ షోరూమ్ కౌంటర్లో పనిచేసిన అమ్మాయి. రూటు తిరిగిన అనుభవం లేదు. నాలుగో అతను ఆలస్యంగా వచ్చి, ఆఫీసులో కూర్చునే పని ఏదైనా ఉందా అని అడిగి, లేదంటే టీ తాగి వెళ్లాడు. మంచిదే, ఇద్దరికీ సమయం మిగిలింది.

ప్రశ్నల తర్వాత ముగ్గురికీ ఒకటే పరీక్ష పెట్టాం. నేను నూజివీడులో హార్డ్‌వేర్ షాపు యజమానిని. పాత ఖాతాదారుడినే, మూడు నెలలుగా ఆర్డరు ఇవ్వడం లేదు. పది నిమిషాలు నాతో మాట్లాడాలి. అభ్యర్థికి చెప్పేది ఇంతే. నా చేతిలోని చీటీలో ఇంకో రెండు సంగతులు ఉంటాయి. ముప్పావు అంగుళం సీపీవీసీ ఫిట్టింగులు రెండు పెట్టెలు కదలక పడి ఉన్నాయి, మార్చి ఇస్తానన్న పాత సేల్స్ మనిషి మళ్లీ రాలేదు. పైపుల ముడిసరుకు రెజిన్ ధర దిగుతోందని విన్నాను కాబట్టి పైపుల రేటు తగ్గుతుందేమోనని ఆగాను. మా వ్యాపారంలో ఇవి రోజూ వినే మాటలే. అయితే అడిగితేనే చెప్పాలన్నది నాకు నేను పెట్టుకున్న నియమం.

పెయింట్ల అబ్బాయి కూర్చుంటూనే స్కీము విప్పాడు. నాలుగు శాతం తగ్గింపు, పైన బహుమతి కూపన్లు. నేను "చూద్దాంలే" అన్నాను. ఐదు శాతం అన్నాడు. మళ్లీ "చూద్దాంలే" అన్నాను. ఆరుకు వెళ్లాడు. పది నిమిషాల్లో మా మార్జిన్ సగం కరిగిపోయింది, పెట్టెల సంగతి మాత్రం బయటికి రాలేదు. గుడివాడ అబ్బాయి కూర్చున్నాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడు నెలల నుంచి తీసుకోవడం లేదు కదండీ, మావల్ల ఏమైనా ఇబ్బంది అయిందా?" అన్నాడు. పెట్టెల కథ చెప్పాను. ఏ సైజు, ఎన్ని, బిల్లు ఉందా అని అడిగాడు. మార్చి ఇస్తానని మాట ఇవ్వలేదు, గురువారానికల్లా కనుక్కుని అవునో కాదో చెబుతానన్నాడు. రెజిన్ ధర సంగతికి మాత్రం అతని దగ్గర జవాబు లేదు.

ఆ అమ్మాయి మొదటిసారి గోడౌన్ చూపించమంటూ పెట్టెల దాకా వచ్చింది గానీ, నేను రేటు మాట ఎత్తగానే కంగారుపడి తగ్గింపు ఇస్తానంది. ఇక్కడ నేను ఆటను ఆపి ఒక్క సంగతి చెబుతాను, ముగ్గురికీ అలాగే చెప్పాను: "రేటు గురించి అడగగానే తగ్గించకండి, ఎందుకు అడుగుతున్నారో ముందు తెలుసుకోండి." తర్వాత అదే ఆట మొదటి నుంచి ఆడిస్తాను. నాకు ఎక్కువగా తెలిసేది ఈ రెండో విడతలోనే. పెయింట్ల అబ్బాయి "తప్పకుండా సార్, చాలా మంచి సూచన" అని, మళ్లీ నాలుగు శాతంతోనే మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి మాత్రం, "ధర దిగేదాకా ఆగుదామనుకుంటున్నారా? ఈలోగా మీ షాపులో ఏ సైజులు నిండుకున్నాయి?" అని అడిగింది. ధర దిగినా దిగకపోయినా, లేని సైజు కోసం వచ్చిన ప్లంబరు పక్క షాపుకు వెళ్తాడు. ఆమె ఆ మాట అనలేదు కానీ సరిగ్గా అక్కడికే నడిపించింది.

మార్కులు ఎవరికి వాళ్లం విడిగా, మాట్లాడుకోకముందే వేస్తాం. లేకపోతే పెద్దాయన నచ్చాడన్న తర్వాత మిగతా ఇద్దరి పెన్నులూ అటే వంగుతాయి. ఆయనకు ఈ పద్ధతి ఇప్పటికీ చాదస్తంగానే ఉంది. "ముప్పై ఏళ్లుగా మొహం చూసి తీసుకుంటున్నానయ్యా" అన్నారు. 2022లో పాల్ సాకెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు పాత పరిశోధనలన్నిటినీ తిరగేసి లెక్కకట్టినప్పుడు, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి మార్కులు వేసే ఇంటర్వ్యూయే పనితీరును అన్నిటికన్నా బాగా ఊహించిందని తేలిందని చెప్పాను. అది కూడా పూర్తిగా కాదు, మిగతా పద్ధతులకన్నా మెరుగ్గా అంతే. "మరి కలుపుగోలుతనం అక్కర్లేదా?" అన్నారు. కావాలి, నోరు విప్పనివాడు అమ్మలేడు. కానీ 2013లో ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫోన్ల మీద అమ్మే 340 మందిని పరిశీలిస్తే, అందరికన్నా కలుపుగోలువాళ్లు గానీ, మరీ ముభావంగా ఉండేవాళ్లు గానీ కాక, మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ ఆదాయం తెచ్చారు. పెద్దాయన అంతా విని, "ఫోన్ల మీద అమ్మకం వేరు, నూజివీడు వేరు" అన్నారు. అది నిజమే, దానికి నేను ఎదురు చెప్పలేదు.

సాయంత్రం ఫోన్లు చేశాను. పాత రూటులో ఇద్దరు షాపువాళ్ల పేర్లు ఇమ్మని అందరినీ అడుగుతాం. పాత యజమాని పొగుడుతాడు లేదా తిడతాడు, షాపువాడికి ఆ రెండు అవసరాలూ ఉండవు. పెయింట్ల అబ్బాయి పంపిస్తానన్నాడు, రాత్రి దాకా పంపలేదు. గుడివాడ అబ్బాయి అక్కడికక్కడే ఇచ్చాడు, అందులో ఒకటి గొడవపడిన షాపుదే. ఆ పెద్దమనిషి ఫోనులో నవ్వారు. "కుర్రాడు మంచివాడేనండీ. చెప్పిన రోజుకు వస్తాడు. డబ్బే అడగడు, మేమే పిలిచి ఇవ్వాలి" అన్నారు.

చివరికి నూజివీడుకు అతన్నే అనుకున్నాం, అకౌంటెంటుగారి షరతు మీద. ప్రతి సోమవారం ముప్పై రోజులు దాటిన బిల్లుల జాబితా ఆయన ఈ అబ్బాయి చేతికిస్తారు. శనివారానికి ఒక్కో పేరు ఎదురుగా తెచ్చిన డబ్బు గానీ, షాపువాడు చెప్పిన తేదీ గానీ రాసి ఉండాలి. మూడు నెలల తర్వాత అమ్మకం కన్నా ముందు ఆ జాబితానే చూస్తాం. అమ్మాయికి పామర్రు వైపు వచ్చే నెల ఖాళీ అయ్యే రూటు చూపిద్దామన్నాను. రోజూ అంత దూరం బండి నడపగలదా అని పెద్దాయన అనుమానం. ఆమెనే అడుగుదాం, రేపు పదింటికి ఫోను చేస్తానన్నాను.