ఆదివారం మ్యాచ్‌కి వెనక ముగ్గురా, నలుగురా?

శుక్రవారం, రాత్రి

ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మాకు ఎదురుపడే జట్టు ఆట వీడియో ఇవాళ మళ్లీ వేసుకుని చూశాను. చూసేవాళ్లందరూ వాళ్లది 4-4-2 అంటారు, అంటే వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. నిజమే. కానీ ఆ అంకెలు కిక్-ఆఫ్ అప్పుడు నిలబడే తీరు మాత్రమే. అందుకే వీడియో మూడు చోట్ల ఆపి చూస్తాను: బంతి వాళ్ల కీపర్ చేతిలో ఉన్నప్పుడు, మన సగంలో వాళ్లు నిలకడగా పాసులు వేస్తున్నప్పుడు, బంతి పోగొట్టుకున్న మరుక్షణం. ఈ మూడింటిలో మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో కాగితం మీద చుక్కలు పెడితే అసలు ఆకారం బయటపడుతుంది.

వీళ్ల ఆకారం ఒక పక్కకి ఒరిగి ఉంది. కుడి వింగర్ టచ్ లైన్ వదలడు. అతని వెనక ఉన్న రైట్ బ్యాక్ అవకాశం దొరికితే అతన్ని దాటుకుని ముందుకు పరిగెడతాడు. ఎడమ వింగర్ మాత్రం లోపలికి జరుగుతాడు, లెఫ్ట్ బ్యాక్ కదలడు. ముందున్న ఇద్దరిలో పొడుగాయన బంతిని తలతో వెనక్కి మళ్లిస్తాడు, రెండోవాడు ఆ బంతి కోసం ముందే పరుగు మొదలుపెడతాడు. వాళ్ల గోల్ అవకాశాల్లో చాలావరకు ఈ రెండు దారుల్లోనే వస్తున్నాయి: మధ్యలో తల బంతి, కుడి పక్క నుంచి క్రాస్.

మనం కూడా 4-4-2లో దిగితే ఎలా ఉంటుందో ముందు లెక్క వేశాను. అన్నిచోట్లా ఒకరికి ఒకరు. వాళ్ల ఇద్దరు స్ట్రైకర్లకి మన ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు, మిడ్‌ఫీల్డ్ మధ్యలో ఇద్దరికి ఇద్దరు, పక్కల్లో జంటకి జంట. చూడ్డానికి సమానంగా ఉంటుంది. చిక్కు పొడుగాయన దగ్గర వస్తుంది. అతనితో పాటు మన సెంటర్ బ్యాక్ ఒకడు తలకి ఎగరక తప్పదు. ఆ బంతి వెనక్కి జారితే రెండో సెంటర్ బ్యాక్, పరుగు ముందే మొదలుపెట్టిన స్ట్రైకర్ ఇద్దరే మిగులుతారు. అక్కడ మనవాడు ఒక అడుగు వెనకబడితే తరవాత ఉన్నది కీపరే. ఫుల్ బ్యాక్‌లు లోపలికి ముడుచుకుంటే కొంత నయమే, కానీ అప్పుడు టచ్ లైన్ దగ్గర కూర్చున్న ఆ కుడి వింగర్‌కి తలుపు తెరిచినట్టే.

3-5-2 వైపు మనసు పోయింది అక్కడే. వెనక ముగ్గురుంటే ఒకడు ఎగురుతాడు, మిగతా ఇద్దరు అతని వెనక అయిదారు మీటర్ల దూరంలో సర్దుకుంటారు. తల బంతి ఎటు జారినా అక్కడ మనవాడు ఉంటాడు. ప్రత్యర్థికి ఇద్దరు స్ట్రైకర్లు ఉన్నప్పుడు ముగ్గురు సెంటర్ బ్యాక్‌ల లెక్క కుదిరేది ఇందుకే: ఇద్దరిని పట్టుకోవడానికి ఇద్దరు, కాపలాకి ఒకడు. అదే జట్టు ఒంటరి స్ట్రైకర్‌తో వచ్చుంటే ఒక్కడి కోసం ముగ్గురిని నిలబెట్టినట్టయ్యేది, ఇద్దరు ఊరికే నిలబడేవాళ్లు. 4-3-3తో వచ్చుంటే ముగ్గురు ముందువాళ్లకి మన ముగ్గురూ అతుక్కుపోయేవాళ్లు, అదనపు మనిషి ఉండేవాడు కాదు. పైగా వాళ్ల వింగర్ల భయంతో, ఒక్కో పక్కంతా ఒక్కడే చూసుకునే మన వింగ్ బ్యాక్‌లు వెనక్కి దిగిపోయి ఆకారం 5-3-2 అయిపోయేది. ఆ రెండు సందర్భాల్లో నేనైతే నలుగురితోనే దిగుతాను.

మిడ్‌ఫీల్డ్‌లో లాభం ఇంకొంచెం సూక్ష్మమైంది. మధ్యలో మన ముగ్గురికి వాళ్లు ఇద్దరు. మన ముగ్గురిలో కింద ఉన్నవాడు బంతి అందుకుంటే, వాళ్ల ఇద్దరిలో ఒకడు అతని మీదకి రావాలి, లేదా వదిలేయాలి. వస్తే అతని వెనక మన ఇంకో మిడ్‌ఫీల్డర్ ఖాళీగా ఉంటాడు. ఆ ఖాళీ పూడ్చడానికి వింగర్ లోపలికి జరిగితే బయట మన వింగ్ బ్యాక్‌కి దారి దొరుకుతుంది. స్ట్రైకర్ ఒకడు కిందకి దిగి కాపలా కాస్తే, వెనక మన ముగ్గురు సెంటర్ బ్యాక్‌ల మీద ఒక్కడే మిగులుతాడు. అంటే వాళ్లు ఏ చిల్లు పూడ్చినా ఇంకో చోట చిల్లు పడుతుంది. కాకపోతే ఇదంతా బంతి ఒకటి రెండు టచ్‌ల్లో కదిలితేనే. నాలుగైదు టచ్‌లు తీసుకునే మిడ్‌ఫీల్డర్‌తో ముగ్గురున్నా ఇద్దరున్నా ఒకటే, ఈలోపు వాళ్లు సర్దుకుంటారు.

ఇక దీనికి కట్టాల్సిన మూల్యం. మైదానంలో తిరిగేది పదిమందే, మధ్యలో ఒకడిని ఎక్కువ పెట్టుకుంటే పక్కన ఒకడు తగ్గుతాడు. మన ఎడమ వింగ్ బ్యాక్ ఒక్కడే. అతనికి ఎదురుగా వింగర్, రైట్ బ్యాక్ ఇద్దరు. సరిగ్గా వాళ్ల బలమంతా ఉన్న పక్కే అది. 

దీనికి 1986 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ కన్నా మంచి పాఠం నాకు కనిపించదు. ఇంగ్లండ్ 4-4-2తో ఆడింది. కోచ్ బిలార్డో అర్జెంటీనాని వెనక ముగ్గురితో దించాడు. ఆ మ్యాచ్ అనగానే అందరూ మారడోనా రెండు గోల్స్ గురించే మాట్లాడతారు, కోచ్‌కి మాత్రం చివరి పావుగంట ముఖ్యం. 74వ నిమిషంలో జాన్ బార్న్స్ వింగర్‌గా ఎడమ పక్కకి వచ్చాడు. అప్పటిదాకా ఆ పక్కన తీరిగ్గా ఉన్న అర్జెంటీనాకి ఊపిరాడలేదు. 81వ నిమిషంలో అతని క్రాస్‌కి లినేకర్ తల తగిలించి గోల్ కొట్టాడు. కాసేపటికి అలాంటి క్రాసే ఇంకొకటి వచ్చింది, అది త్రుటిలో తప్పింది. 2-1తో అర్జెంటీనా గెలిచింది గానీ, 3-5-2ని ఎక్కడ పొడవాలో ఆ రోజే అందరికీ కనిపించింది.

కాబట్టి ఆదివారానికి అసలు ప్రశ్న ఏ ఫార్మేషన్ మంచిదన్నది కాదు. వాళ్ల కుడి వింగర్, రైట్ బ్యాక్ కలిసి మన ఒక్కడి మీద పడినప్పుడు రెండోవాడిగా ఎవరు వెళ్లాలి? దీనికి ఒకే జవాబు ఇచ్చే కోచ్‌లు ఉన్నారు, నాకు రెండు కావాలి. బంతి మెల్లగా, చిన్న పాసులతో ఆ పక్కకి వస్తుంటే మిడ్‌ఫీల్డ్ త్రయంలో ఎడమవాడు వెళ్లాలి. అతనికి సమయం ఉంటుంది, వెనక ముగ్గురూ చెదరరు. బంతి మాత్రం అటు పక్క నుంచి ఒకే పొడవైన పాస్‌తో వస్తే అతను అందుకోలేడు. మైదానం వెడల్పు 68 మీటర్లు, బంతి గాలిలో ఉండేది రెండు మూడు సెకన్లు. ఆ కాసేపట్లో మనిషి పదిహేను మీటర్లు పరిగెడితే గొప్ప. బంతి అటు ఉన్నప్పుడు మన ముగ్గురు మిడ్‌ఫీల్డర్లూ అటే జరిగి ఉంటారు కనక అతను వెళ్లాల్సింది ఇరవై పైమాటే. అప్పుడు ఎడమ సెంటర్ బ్యాక్ బయటికి వెళ్లాలి, మిగతా ఇద్దరు ఒక స్థానం ఎడమకి జరగాలి, కుడి వింగ్ బ్యాక్ లోపలికి వచ్చి వెనక వరసలో చేరాలి. ఈ చివరిదే అందరూ మరిచిపోయేది. క్రాస్ దూరపు పోస్ట్ దగ్గర పడి, అక్కడ వాళ్ల ఎడమ వింగర్ ఒంటరిగా నిలబడి ఉన్నాడంటే తప్పు క్రాస్ ఆపలేనివాడిది కాదు, లోపలికి రాని కుడి వింగ్ బ్యాక్‌ది.

ఈలోపు ఎడమ వింగ్ బ్యాక్ చేయాల్సింది ఒక్కటే, తొందరపడి కాలు పెట్టకుండా వింగర్‌ని రెండు సెకన్లు ఆపడం. వింగర్ మీదకి దూకి ఓడిపోతే పై లెక్కలన్నీ దండగ.

మన దగ్గర ఉన్నవాళ్లు ఈ పని చేయగలరా అన్నది చూడకుండా ఇంతదాకా రాసింది కాగితం పులే. మధ్య సెంటర్ బ్యాక్ నెమ్మదైనవాడు, ఫర్వాలేదు, అతనికి కావాల్సింది ఆటని ముందే చదవడం. పక్క సెంటర్ బ్యాక్‌లకి మాత్రం వేగం తప్పదు, వాళ్లు టచ్ లైన్ దాకా వెళ్లాల్సి వస్తుంది. ఎడమవాడిది ఎడమ కాలు కావడం అదృష్టం. అక్కడ కుడి కాలు ఆటగాడిని పెడితే ప్రతి బంతికీ లోపలికి తిరుగుతాడు, వాళ్ల స్ట్రైకర్‌కి కావాల్సింది అదే. ఎడమ వింగ్ బ్యాక్ ఊపిరి డెబ్బై నిమిషాల దాకా ఖాయం, తరవాత చెప్పలేం.

రేపు తేలికపాటి సాధనే, కాళ్లు అలసిపోకూడదు. ఇరవై నిమిషాలు చాలు. సగం మైదానంలో వెనక ముగ్గురు, ఇద్దరు వింగ్ బ్యాక్‌లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు ఒక పక్క, వాళ్లలా ఆడే ఎనిమిది మంది ఇంకో పక్క. ప్రతి బంతీ వాళ్ల ఎడమ నుంచే మొదలవ్వాలి, ఒకసారి మెల్లగా తిప్పాలి, ఒకసారి పొడవుగా కొట్టాలి. వెళ్లాల్సింది మిడ్‌ఫీల్డరా, సెంటర్ బ్యాకా అని సెంటర్ బ్యాకే కేక వేయాలి, ఎందుకంటే ముందున్నదంతా కనిపించేది అతనికే. ఇద్దరూ వెళ్లినా, ఇద్దరూ ఆగినా అక్కడే ఆపి, నడిపిస్తూ మళ్లీ చేయించాలి.

మ్యాచ్ మొదలయ్యాక మొదటి ఇరవై నిమిషాల్లో రెండు విషయాలు చూస్తాను. మనం బంతి గెలిచినప్పుడు వింగ్ బ్యాక్‌లు సెంటర్ బ్యాక్‌ల వరసలోనే కనిపిస్తున్నారా? అలా అయితే మనం ఆడుతున్నది 3-5-2 కాదు, అయిదుగురి గోడ. కొట్టిన ప్రతి బంతీ మళ్లీ మన మీదకే వస్తుంది. రెండోది, వాళ్ల కుడి పక్క నుంచి ఎండ్ లైన్ దాకా వెళ్లి వేసిన క్రాస్‌లు. ఒకటి పొరపాటు అనుకోవచ్చు. మూడు వస్తే ఆగడం అనవసరం.

అప్పుడు ఎవరినీ మార్చకుండానే 4-4-2 అయిపోవచ్చు. మామూలుగా చేసేది ఎడమ వింగ్ బ్యాక్‌ని లెఫ్ట్ బ్యాక్‌గా దించడం. ఇక్కడ అది వద్దు. ఎడమ సెంటర్ బ్యాక్ లెఫ్ట్ బ్యాక్ అవుతాడు, వింగ్ బ్యాక్ అతని ముందు ఎడమ మిడ్‌ఫీల్డర్‌గా ఉండిపోతాడు. అంటే వాళ్ల ఇద్దరికి మన ఇద్దరు. అటు పక్క కుడి వింగ్ బ్యాక్ రైట్ బ్యాక్‌గా దిగుతాడు, మిడ్‌ఫీల్డ్ త్రయంలో కుడివాడు బయటికి జరుగుతాడు. పోయేది మధ్యలో ఆ మూడో మనిషి, వెనక ఆ కాపలావాడు. పొడుగాయన తల బంతి సమస్య మళ్లీ మొదటికొస్తుంది కనక, ఈ మార్పు తరవాత ఇద్దరు సెంట్రల్ మిడ్‌ఫీల్డర్లలో ఒకడు అతని ముందు నిలబడి, బంతి గాలిలో రాకముందే అడ్డుపడాలి.

అందుకే ఆదివారం 3-5-2తోనే మొదలు. రెండో ఆకారం శనివారం సాధన అయ్యాక ఆ నలుగురికి మాత్రమే బోర్డు మీద చూపిస్తాను, అందరికీ చెబితే మొదటిది సగమే బుర్రకెక్కుతుంది. బెంచ్ మీద ఎడమ పక్క పరిగెత్తగలిగేవాడు ఒకడు ఉండాలి, అరవైయ్యో నిమిషం నుంచే ఒళ్లు వేడి చేసుకోమనాలి. మూడో స్ట్రైకర్‌కి ఈసారి చోటు లేదు. ఆ సంగతి జట్టు జాబితా చూసి తెలుసుకోకుండా రేపు పొద్దున్నే నేనే చెప్పాలి.