షువైఖ్ ఎండలో ఇరుక్కున్న సీడీ

కువైట్‌లో షువైఖ్ పారిశ్రామిక వాడ అంటే కార్లకు సంబంధించిన ఏ పనైనా జరిగే చోటు. కడప జిల్లా నుంచి వచ్చి అక్కడ ఒక కారు స్టీరియో షాపులో తొమ్మిదేళ్లు పనిచేశాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇళ్లలో జీతానికి కారు నడిపే హౌస్ డ్రైవర్లు. బండి వాళ్లది కాదు, తప్పు మాత్రం వాళ్ల మీదే పడుతుంది. అందుకే వాళ్ల పని చేసేటప్పుడు నాకు చెయ్యి కొంచెం నెమ్మదిగా నడిచేది.

2012 జూలైలో ఒక మధ్యాహ్నం రాజోలు వైపు కుర్రాడొకడు పెద్ద జపాన్ బండి తెచ్చి షాపు ముందు ఆపాడు. దిగుతూనే, "అన్నా, సీడీ ఇరుక్కుపోయింది. సాయంత్రం మామా పిల్లలని తీసుకుని బయటికెళ్తారు. ఈలోపల రాకపోతే నా జీతంలో కోసేస్తారు" అన్నాడు. మామా అంటే అతను పనిచేసే ఇంటి యజమానురాలు. అప్పట్లో అతని జీతం 80 దినార్లు. ఆ సీడీలో ఏముందని అడిగితే కాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పాడు. ఊళ్లో కూతురు బడి వార్షికోత్సవంలో పాడిన పాటలు, చెప్పిన పద్యాలు రికార్డు చేయించి పంపారట. పైన పాప ఫొటోతో కాగితం స్టిక్కర్ అంటించి మరీ పంపారు.

ఆ స్టిక్కర్ మాట వినగానే నాకు సగం సంగతి తెలిసిపోయింది. అయినా చెయ్యి పెట్టలేదు. మా ఉస్తాద్ పెషావర్ మనిషి. నాకు పని నేర్పిన మొదటి వారంలోనే హిందీలో ఒక మాట చెప్పాడు: ముందు చెవి పెట్టు, తర్వాత చెయ్యి పెట్టు. ఇంజన్ ఆపించి, తాళంచెవి ఒక్క మెట్టు తిప్పించి, ఏసీ ఫ్యాన్ ఆపించి, సీడీని బయటికి నెట్టే ఎజెక్ట్ బటన్ నొక్కమన్నాను.

సన్నటి సందులోంచి సీడీని లోపలికి లాక్కునే స్లాట్ స్టీరియో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ చప్పుడు మాటలాగే అర్థమవుతుంది. స్లాట్ వెనకాలే, సీడీకి అడుగున, అడ్డంగా ఒక రబ్బరు రోలర్ ఉంటుంది. పైన నున్నటి ప్లాస్టిక్ గైడ్. సీడీ ఆ రెంటి మధ్య నలిగి లోపలికి వెళ్తుంది. పూర్తిగా లోపలికి పోయాక రోలర్ కిందికి దిగిపోతుంది, క్లాంప్ అనే చిన్న చెయ్యి పైనుంచి దిగి సీడీ మధ్య రంధ్రం దగ్గర గట్టిగా అదిమి పట్టుకుంటుంది. ఎజెక్ట్ నొక్కితే ఇదంతా వెనక్కి జరగాలి. క్లాంప్ లేవాలి, రోలర్ పైకి వచ్చి సీడీని అందుకోవాలి, ఆ తర్వాతే తిరిగి బయటికి నెట్టాలి. మామూలుగా ఈ పనులన్నీ ఒక్క చిన్న మోటారే చేస్తుంది.

అంటే ఇరుక్కున్న సీడీ రెండు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు. క్లాంప్ పట్టులో ఉందా, లేక పట్టు వదిలి రోలర్ దగ్గర ఆగిందా? ఈ సంగతి తేలకుండా చేసే ఏ పనైనా మెషీన్‌ని పాడు చేస్తుంది. నా మొదటి ఏడాదిలో నేనే అలా ఒకటి పాడు చేశాను. సన్నటి కత్తికి రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, లోపలికి దూర్చి, సీడీకి అంటించి లాగాను. అది క్లాంప్ పట్టులో ఉంది. సీడీ రాలేదు కానీ క్లాంప్ చెయ్యి వంగిపోయింది. ఆ తర్వాత ఏ సీడీ పెట్టినా నిలకడగా తిరగక ERROR చూపించేది. ఆ మెకానిజం డబ్బులు రెండు నెలలు నా జీతంలోంచి పోయాయి. లాగడం అనే ఆలోచన అప్పటితో మానేశాను.

ఆ కుర్రాడి బండిలో ఎజెక్ట్ నొక్కగానే ముందు 'టక్' మని చిన్న చప్పుడు, వెంటనే 'గుర్ర్' మని నాలుగైదు సెకన్లు మోటారు తిరిగింది. ఆగింది. మళ్లీ సీడీని లోపలికి లాక్కుని తెరమీద ERROR చూపించింది. టార్చి వేసి స్లాట్‌లోకి చూస్తే, మోటారు తిరుగుతున్నప్పుడు సీడీ అంచు ముందుకొచ్చి ఆగిపోవడం కనిపించింది. అంటే క్లాంప్ లేస్తోంది, రోలర్ తిరుగుతోంది, సీడీ మాత్రం జారుతోంది. పైనేదో పట్టి ఆపుతోంది.

ఆ పట్టేది స్టిక్కరే. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, స్లాట్ దారి దానికి సరిపోయేట్టే చేస్తారు. కాగితం పొర తోడైతే దారి ఇరుకవుతుంది. పైగా జూలైలో బయట నిలిపిన బండి లోపల వేడికి స్టిక్కర్ జిగురు మెత్తబడుతుంది. అంచు లేచి పైన ఉన్న గైడ్‌కి అంటుకుంటుంది. సీడీ వంగిపోయిందని చాలామంది అనుకుంటారు కానీ ఆ వేడికి సీడీ ప్లాస్టిక్ కరగదు, జిగురే కారణం.

కాబట్టి మొదటి మందు చల్లదనం. బండిని నీడలోకి తెప్పించి, మధ్య గాలి రంధ్రాలు స్టీరియో వైపు తిప్పి, అరగంట ఏసీ వేయించాను. జిగురు చల్లబడితే బిగుసుకుంటుంది, పట్టు తగ్గుతుంది. ఈలోగా ఎజెక్ట్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. జారే రోలర్‌ని ఊరికే తిప్పితే రబ్బరు నున్నబడిపోతుంది. తర్వాత మంచి సీడీ కూడా రాదు.

ఆ అరగంటలో పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి తీసి ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కత్తిరించాను. మూలలు గుండ్రంగా చేశాను. కొస నుంచి నాలుగు సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గీత పెట్టాను. సీడీ సగం వెడల్పు ఆరు సెంటీమీటర్లు. అది లోపల కూర్చున్నప్పుడు దాని మధ్యభాగం, అంటే క్లాంప్ ఉండే చోటు, స్లాట్ నుంచి దాదాపు ఏడు సెంటీమీటర్ల లోపల ఉంటుంది. గీత దాటకపోతే ఫిల్మ్ క్లాంప్ దాకా పోదు. సీడీకి పైన మాత్రమే పెట్టాలి. కిందైతే రోలర్ ఉంటుంది, దాని వెనక సీడీని చదివే లేజర్ కన్ను ఉంటుంది.

ఫిల్మ్‌ని సీడీకీ పైగైడ్‌కీ మధ్య మెల్లగా పక్కలకు కదుపుతూ దూర్చాను. ఒకచోట జిగురు తెగుతున్నట్టు చేతికి తెలిసింది. "ఇప్పుడు నొక్కు తమ్ముడూ" అన్నాను. ఫిల్మ్‌ని కదలకుండా పట్టుకున్నాను. ఫిల్మ్ వల్ల రెండు లాభాలు. జిగురుకీ గైడ్‌కీ మధ్య అడ్డు ఉంటుంది, సీడీ కిందికి అణిగి రోలర్‌కి పట్టు దొరుకుతుంది. మొదటిసారి రాలేదు. మోటారు వెనక్కి తిరగడం మొదలవగానే ఫిల్మ్ బయటికి లాగేశాను, లేకపోతే అదీ లోపలికి పోతుంది. రెండోసారి ఒక వేలెడు సీడీ బయటికొచ్చింది. రెండు పక్కలా అంచులు పట్టుకుని, రోలర్ నెట్టే వేగంతోనే, పైకెత్తకుండా తిన్నగా తీశాను.

ఇలాంటప్పుడు రెండో సీడీని దూర్చి మొదటిదాన్ని బయటికి లేపమని చెప్పేవాళ్లుంటారు. సీడీ గట్టిగా ఉంటుంది, ఎంత లోపలికి పోయిందో తెలియదు, నేరుగా క్లాంప్‌కి తగులుతుంది. నేను చేయను, చేయనివ్వను.

కుర్రాడి ముఖం వెలిగింది కానీ నాకు తృప్తి లేదు. స్టిక్కర్ సగమే సీడీతో వచ్చింది. అర్ధచంద్రం ఆకారంలో మిగతా సగం లోపలే ఉంది. "సీడీ వచ్చేసింది కదన్నా, వెళ్లిపోతాను" అన్నాడు. సాయంత్రం పిల్లల సీడీ పెడితే అదీ అక్కడే అతుక్కుంటుందని చెప్పి ఆపాను.

విప్పాలంటే బ్యాటరీ నెగటివ్ తీయాలి. అంతకంటే ముందు ఒక సంగతి చూడాలి. కొన్ని స్టీరియోలకు దొంగతనం జరక్కుండా పెట్టిన కోడ్ ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక ఆ కోడ్ కొట్టకపోతే పనిచేయవు. డాష్‌బోర్డు అరలో పుస్తకంతో పాటు కోడ్ కార్డు దొరికింది. అప్పుడు బ్యాటరీ విప్పి, ప్లాస్టిక్ పనిముట్లతో చుట్టూ ఉన్న పట్టీ ఊడదీసి, నాలుగు బోల్టులు తీసి స్టీరియో బయటికి లాగాను. వెనక కనెక్టర్లు పీకేముందు ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను.

పైమూత తీస్తే మెకానిజం కనిపించింది. కాగితం ముక్క గైడ్‌కి కరుచుకుని ఉంది, పాప ఫొటోలో రిబ్బను కట్టిన జడ ఆ ముక్కమీదే ఉంది. చిమటాతో అంచు పట్టి మెల్లగా ఒలిచాను. మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిచాను. రోలర్‌ని కూడా వేలితో తిప్పుకుంటూ దానితోనే తుడిచాను. రోలర్‌కి నూనె, గ్రీజు తగలకూడదు. లేజర్ కన్ను జోలికి పోలేదు.

క్లాంప్ పట్టులోనే ఇరుక్కున్న సీడీకి దారి కూడా ఇక్కడే ఉంది. ఎజెక్ట్ నొక్కితే చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, కరెంటు చూడాలి. అవి బాగుండి మోటారు కదలకపోయినా, పళ్లు జారుతున్నట్టు 'టకటక' మన్నా ఫిల్మ్ పనికిరాదు. ఇలా విప్పి, మోటారు కొసన మరచుట్టులా ఉండే గేరును వేలితో తిప్పాలి. కొంచెం తిప్పి క్లాంప్ వైపు చూడాలి. అది లేస్తుంటే సరైన దిక్కు. క్లాంప్ పూర్తిగా లేచి, రోలర్ పైకొచ్చి, సీడీ కదిలేదాకా ఓపిగ్గా తిప్పుతూ పోవాలి. ఎక్కడైనా బిగిస్తే బలం పెట్టకుండా ఆగి, ఏం అడ్డుపడిందో చూడాలి. మూత తీసి ఉండగా కరెంటు ఇవ్వకూడదు. లోపలి లేజర్ కంటికి సరిగా కనిపించదు, కానీ కన్ను పాడు చేయగలదు.

మూత బిగించి, తీగలు తగిలించి, కోడ్ కొట్టి, స్టిక్కర్ లేని కంపెనీ సీడీతో ఐదుసార్లు పెట్టి తీశాను. ఐదుసార్లూ తడబడకుండా వచ్చింది.

ఇక పాప సీడీ. మిగిలిన స్టిక్కర్ పీకేస్తానని కుర్రాడు గోరు పెట్టాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. సీడీలో పాటలుండే పొర అద్దంలా మెరిసే అడుగువైపు లేదు, స్టిక్కర్ కిందే ఉంది. స్టిక్కర్ లాగితే ఆ పొర దానితోపాటు లేచిపోతుంది. ట్యూబులైటుకి ఎదురుగా పట్టి చూపించాను. అంచు దగ్గర మూడు చోట్ల వెలుతురు సూటిగా వస్తోంది, అక్కడ పొర ఊడిపోయింది. అతను ఏడుపు ముఖం పెట్టాడు. సీడీ తిప్పి అడుగు చూపించాను. మధ్య రంధ్రం వైపు ఒక వేలెడు వెడల్పున కొంచెం ముదురు రంగు వలయం ఉంది. రికార్డయింది అంతవరకే. సీడీ లోపలి నుంచి అంచు వైపు రాసుకుంటూ పోతుంది. ఇరవై నిమిషాల పాటలు కాబట్టి అంచు దాకా రాలేదు. చిల్లులు పడ్డది ఖాళీ చోట.

షాపు కంప్యూటర్‌లో ట్రే ఉన్న డ్రైవ్ ఉంది. సగం స్టిక్కర్‌తో బరువు ఒకవైపు ఉంటుంది కాబట్టి తక్కువ వేగంలో పెట్టి కాపీ చేశాను. పాటలన్నీ వచ్చాయి. కొత్త సీడీ మీద మార్కర్‌తో రాసేందుకు పాప పేరు అడిగితే, తనే రాస్తానని మార్కర్ తీసుకున్నాడు.