ఒక్క వాక్యం కొట్టేశాను

"మీ డేటా దుర్వినియోగమైనట్టు ఆధారాలు లేవు." మా దగ్గరున్న జనం డేటా బయటపడిందని వాళ్లకు రాస్తున్న నోటీసులో ఈ వాక్యం దగ్గరే ఆగిపోయాను. బెంజి సర్కిల్ ఆఫీసు, రాత్రి పదకొండు, టీ చల్లారిపోయింది. ఇలాంటి సైబర్ ఘటనలు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కి 6 గంటల్లోపు చెప్పాలి కాబట్టి ఆ రిపోర్టు మధ్యాహ్నమే పంపేశాం. ఇక జనానికి చెప్పాలి.

"లాగ్‌లు ఎన్ని రోజులవి ఉన్నాయి?" అని సర్వర్ కుర్రాణ్ణి అడిగా.

"ఏడు రోజులవే అన్నా."

ఫైలు ఎవరు తెరిచారో తెలిసేది ఆ లాగ్‌లలోనే. బ్యాకప్ ఫైలు పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌లో బయట ఉన్నది 19 రోజులు. ఆధారాలు ఎక్కడినుంచి వస్తాయి, చూడ్డానికే ఏమీ లేకపోతే!

కొట్టేసి రాశా: "మీ పేరు, ఫోన్ నంబర్, చిరునామా 19 రోజులు బయట ఉన్నాయి. మొదటి 12 రోజుల్లో ఎవరైనా తీసుకున్నారో లేదో చెప్పలేం. కార్డు వివరాలు మా దగ్గర ఉండవు. తప్పు మాదే. మా పేరు చెప్పి ఎవరు ఓటీపీ అడిగినా ఇవ్వకండి."

"తప్పు మాదే" దగ్గర సార్ వేలు కాసేపు ఆగింది. తర్వాత కింద తన సొంత నంబర్ వేయమన్నారు.