చీమకుర్తి రాయి కొనేముందు కాగితాలు అడిగే పద్ధతి

గల్ఫులో కాంట్రాక్టింగ్ కంపెనీల పర్చేజ్ సెక్షన్లలో పనిచేసే ఒంగోలు, కావలి, కందుకూరు వైపు వాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ పని వచ్చి పడుతుంది. లాబీ ఫ్లోరింగుకి బ్లాక్ గెలాక్సీ కావాలని ఆర్కిటెక్టు రాస్తాడు. నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలున్న ఆ రాయి చీమకుర్తి గనులది. "మీ ఊరి రాయే కదా, సప్లయర్ని నువ్వే చూడు" అని మేనేజరు ఫైలు చేతికిస్తాడు. తెలిసినవాళ్ల ద్వారా నాలుగు నంబర్లు దొరుకుతాయి. ఫోన్లో అటువైపు మన యాసే వినపడుతుంది. రేటు కుదిరిపోతుంది. కాగితాలు అడగాల్సి వచ్చేసరికి గొంతులో అడ్డం పడుతుంది. "ఏందన్నా, మనూరోళ్లమే గదా, కాయితాలెందుకు?" అని ఆయన అనేస్తే ఏం చెప్పాలో తోచదు.

ఈ ఇబ్బంది చాలావరకు అడిగే సమయం వల్ల వచ్చేదే. రేటు కుదిరాక అడిగితే అనుమానంలా ఉంటుంది, రేటు అడిగే మెయిల్లోనే అడిగితే మామూలు లాంఛనంలా ఉంటుంది. అందుకని మొదటి ఎంక్వయిరీలోనే సైజు, పరిమాణం, పాలిషు వివరాల కింద కాగితాల జాబితా కూడా పెట్టేయాలి. అందరికీ అదే జాబితా, అదే వరసలో వెళ్లాలి. అప్పుడు "మీ ఒక్కరినే అడగడం లేదు" అన్న మాట నిజంగానే చెప్పగలం.

మాట ఎలా ఉండాలంటే, ఇలా రాస్తే సరిపోతుంది:

"నమస్కారమండీ. మా కంపెనీలో కొత్త సప్లయర్ పేరు ఎక్కించడానికి కింది కాగితాలు ఫైల్లో ఉండాలి. వీలు చూసుకుని వచ్చే గురువారంలోపు పంపగలరు. బిల్లుల్లో రేట్లు, కస్టమర్ల ధరలు కనపడకుండా కొట్టేసి పంపినా పరవాలేదు. మా ట్రేడ్ లైసెన్సు, వ్యాట్ నంబరు, మాకు సరుకిస్తున్న ఇద్దరు సప్లయర్ల వివరాలు దీనితో జత చేశాను. మా గురించి మీరూ విచారించుకోవచ్చు."

ఆ చివరి రెండు వాక్యాలు చాలా ముఖ్యం. సరుకు తీసుకుని డబ్బులెగ్గొట్టిన గల్ఫు వ్యాపారుల కథలు ఎగుమతి చేసేవాళ్లు కూడా వినే ఉంటారు. మన కాగితాలు ముందు పెడితే అడగడం ఇచ్చిపుచ్చుకోవడం అవుతుంది. "మీ మీద నమ్మకం లేక కాదండీ" అని మాత్రం ఎక్కడా రాయొద్దు. లేని అనుమానాన్ని మనమే గుర్తుచేసినట్టవుతుంది. క్షమాపణలు, సంజాయిషీలు కూడా అక్కర్లేదు. ఫోన్లో "మనూరోళ్లమే గదా" అన్నప్పుడు, "అవునన్నా, అందుకే మీకు ముందు రాశా. ఫైలు చూసేది మా అకౌంట్స్ వాళ్లు, వాళ్లకి ఊరు తెలీదు" అంటే చాలు. అది నిజం కూడా. వయసులో పెద్దాయనైతే ఫోన్లో ఎంత చనువున్నా మెయిల్లో 'గారు' వదలకూడదు. ఆ మెయిలు ఆయన ఆఫీసులో అందరూ చూస్తారు.

ఇక ఏం అడగాలి? కట్టలు కట్టలు అడిగితే ఎవరూ పంపరు, పంపినా మనం చదవం. జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఎగుమతికి కావాల్సిన ఐఈసీ అనే కోడు నంబరు, ఎగుమతిదారుల మండలి అయిన క్యాపెక్సిల్ ఇచ్చే సభ్యత్వ పత్రం, ఫ్యాక్టరీ ఉందంటే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రం, బ్యాంకు ఖాతా వివరాలు, ముగ్గురు పాత కస్టమర్లు. ఇవి చాలు. సొంత క్వారీ ఉందని చెప్పుకుంటే గనుల శాఖ ఇచ్చిన లీజు ఉత్తర్వు కూడా అడగాలి. చెప్పుకోకపోతే అక్కర్లేదు.

ఈ కాగితాలు ఒకదానికొకటి ఎలా సాక్ష్యం చెబుతాయో ఒక ఉదాహరణతో చూద్దాం. షార్జాలోని ఒక కంపెనీకి 20 మిల్లీమీటర్ల పాలిష్ స్లాబులు 400 చదరపు మీటర్లు కావాలనుకోండి. ఒక సప్లయరు తమది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనీ, సొంత క్వారీ, సొంత ఫ్యాక్టరీ ఉన్నాయనీ రాశారు. కాగితాలొచ్చాయి.

మొదట జీఎస్టీ నంబరు. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్‌కి 37. ఆ తరవాతి పది అక్షరాలు పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం ఆ పాన్ ఎవరిదో చెబుతుంది: వ్యక్తిదైతే P, భాగస్వామ్య సంస్థదైతే F, కంపెనీదైతే C. మన ఉదాహరణలో అక్కడ P ఉంది. అంటే ఇది ప్రైవేట్ లిమిటెడ్ కాదు, ఒక మనిషి సొంత పేరు మీద నడిచే వ్యాపారం. gst.gov.in లో Search Taxpayer కింద ఆ నంబరు కొడితే అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, చిరునామా, ప్రస్తుతం చెల్లుతోందా రద్దయిందా అన్నవి ఉచితంగానే కనపడతాయి. రిటర్నులు ఏ నెల వరకు వేశారో కూడా అక్కడే చూడొచ్చు. పదేళ్ల అనుభవం అని చెప్పి రిజిస్ట్రేషన్ నిరుటిదే అయితే, తప్పని కాదు గానీ, ఎందుకో అడగాలి. తండ్రి పేరు మీద నడిచిన వ్యాపారం కొడుకు పేరు మీదికి మారి ఉండొచ్చు.

తరవాత ఐఈసీ. 2017లో జీఎస్టీ వచ్చాక తీసుకున్న ఐఈసీ అయితే పాన్ నంబరే ఐఈసీ నంబరు. కాబట్టి జీఎస్టీ నంబరు మధ్యలోని పది అక్షరాలూ ఇదీ ఒకటే కావాలి. అంతకుముందువి విడిగా పది అంకెల్లో ఉంటాయి. dgft.gov.in లో View Any IEC దగ్గర నంబరూ సంస్థ పేరూ ఇచ్చి చూసుకోవచ్చు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు ధ్రువీకరించకపోతే ఐఈసీ పనిచేయకుండా ఆగిపోతుంది. చాలామంది మర్చిపోతారు. మోసం కాదు గానీ, సరి చేసుకునేదాకా సరుకు రేవులోనే ఉండిపోతుంది. "అన్నా, ఐఈసీ ఆగిపోయినట్టు చూపిస్తోంది, ఒకసారి ఆడిటరుతో చూపించండి" అని ముందే చెబితే ఆయనకీ మేలు చేసినవాళ్లమవుతాం.

అసలు చిక్కు మూడో కాగితంలో బయటపడింది. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతిలో ఫ్యాక్టరీ ఎవరి పేరున ఉంది, ఎక్కడుంది, ఎంత సరుకు తయారు చేయొచ్చు, ఎప్పటివరకు చెల్లుతుంది అన్నవన్నీ ఉంటాయి. రంగురంగుల బ్రోచర్ల కన్నా ఈ కాగితం ఎంతో నయం. ఇక్కడ ఫ్యాక్టరీ వేరే పేరున ఉంది. క్యాపెక్సిల్ పత్రం చూస్తే మనవాడు తయారీదారు ఎగుమతిదారుగా కాక వ్యాపార ఎగుమతిదారుగా నమోదై ఉన్నాడు. అంటే ఇంకొకరి దగ్గర కొని పంపేవాడన్నమాట.

దీన్ని నేరంగా చూడొద్దు. చీమకుర్తిలో క్వారీ ఒకరిది, కోత, పాలిషు ఇంకొకరివి, ఎగుమతి మరొకరిది కావడం మామూలే. "మాది" అన్నప్పుడు బావమరిదిదీ అందులో కలిపే చెబుతారు. కానీ స్లాబు పగిలితే, రంగు తేడా వస్తే నష్టం ఎవరు భరిస్తారన్నది ఈ వివరం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకని నిలదీసినట్టు కాకుండా, "ఫ్యాక్టరీ కాగితం వేరే పేరుతో ఉందండీ. వారికీ మీకూ ఉన్న ఏర్పాటు ఒక లెటర్ రూపంలో ఇస్తే ఫైల్లో పెడతాను" అని రాయాలి. నిజాయితీపరుడైతే మర్నాడే పంపిస్తాడు. అప్పుడు ఒప్పందం ఆయనతోనే చేసుకోవచ్చు. కాకపోతే, లోడింగుకి ముందు ఆ ఫ్యాక్టరీలోనే స్లాబులు చూసి ఒప్పుకునే హక్కు మనకుండాలనీ, ఓడ కాగితాల్లో సరుకు పంపినవారుగా, అంటే షిప్పర్‌గా, ఆయన పేరే ఉండాలనీ, డబ్బు ఆయన పేరున్న ఖాతాకే వెళ్తుందనీ రాసుకోవాలి.

ఇక రిఫరెన్సులు. కస్టమర్ల పేర్లు అడిగితే చాలామంది వెనకాడతారు. అందులో న్యాయముంది. పేరు చెబితే కస్టమర్ని ఎగరేసుకుపోతారేమోనని వాళ్ల భయం. బలవంతం చేయకుండా, "మీరే వారికి చెప్పి, వారినే మాకు ఫోన్ చేయమనండి" అనొచ్చు. లేదంటే, సరుకు ఎక్కించుకున్నందుకు ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ కాపీలు, కొనుగోలుదారు పేరు కొట్టేసినవి, రెండు మూడు అడగొచ్చు. పేరు లేకపోయినా ఆ కాగితంలో షిప్పర్ పేరు, తేదీ, కంటైనర్ నంబరు, బరువు ఉంటాయి. షిప్పర్ పేరు జీఎస్టీలో ఉన్న పేరుతో కలవాలి. కంటైనర్ నంబరు నాలుగు అక్షరాలు, ఏడంకెలు. ఇటీవలిదైతే ఆ ఓడ కంపెనీ వెబ్‌సైట్లో వెతికితే ప్రయాణం కనపడుతుంది.

బరువు దగ్గర కాసేపు ఆగాలి. ఈ రాయి ఘనపు మీటరు దాదాపు 3 టన్నులు తూగుతుంది. అంటే 20 మిల్లీమీటర్ల స్లాబు చదరపు మీటరుకి 60 కిలోలు. 400 చదరపు మీటర్లంటే 24 టన్నులు, చెక్క ఫ్రేముల బరువు అదనం. 20 అడుగుల కంటైనర్‌లో పట్టే బరువు సుమారు 28 టన్నులే. కాబట్టి ఒక కంటైనర్‌లో 700 చదరపు మీటర్ల 20 మిల్లీమీటర్ల స్లాబులు పంపామని ఎవరైనా చెబితే అది 42 టన్నుల మాట. స్లాబు మందం తగ్గి ఉండాలి, లేదా ఆ ఎగుమతే జరిగి ఉండకూడదు.

పాత కస్టమరు ఫోన్లో దొరికితే "వాళ్లు మంచివాళ్లేనా?" అని అడగొద్దు, "మంచివాళ్లే" అనే జవాబే వస్తుంది. చివరి కంటైనర్ ఎప్పుడొచ్చింది, పంపిన ఫొటోలకీ దిగిన సరుకుకీ చుక్కల్లో తేడా ఉందా, ఎన్ని స్లాబులు పగిలాయి, పగిలినవాటికి లెక్క ఎలా తేల్చారు అని అడగాలి. అన్నిట్లోకీ ఆఖరి ప్రశ్నే గట్టిది. రాయి అన్నాక ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఒక్క ఫిర్యాదూ లేదని చెప్పే రిఫరెన్సు కన్నా, "ఐదు పగిలాయి, తరవాతి బిల్లులో తగ్గించారు" అని చెప్పేది ఎక్కువ నమ్మదగ్గది. ఇద్దరు ముగ్గురు ఒకే మాటలు వప్పజెబితే మాత్రం ఆ నంబర్లు ఎవరివో ఇంకోసారి చూసుకోవాలి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా రాయి బాగుంటుందని కాదు. సాదా నల్లరాయికి రంగో నూనో పట్టించి అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్నదే. నమూనా మీద అసిటోన్‌లో తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే నలుపు అంటుతుందో లేదో తెలుస్తుంది. నీటి పీల్పు, గట్టిదనం మీద ల్యాబ్ రిపోర్టు కావాలంటే ఆ నమూనా మనం ఎంచి పంపిందే అయ్యుండాలి, వాళ్ల దగ్గరున్న పాత రిపోర్టు కాదు.

బ్యాంకు వివరాలు చివర్న వచ్చినా అక్కడే ఎక్కువ డబ్బు పోతుంది. మన అకౌంట్స్ వాళ్లు ఐబ్యాన్ అడుగుతారు. ఇండియాలో ఐబ్యాన్ లేదు. ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడు, ఐఎఫ్ఎస్‌సీ ఉంటాయని ముందే చెప్పిపెట్టాలి. ఖాతాదారు పేరు జీఎస్టీలో ఉన్న పేరే అని క్యాన్సిల్ చేసిన చెక్కు మీద చూసుకోవాలి. ఆ తరవాత ఖాతా మారిందని మెయిల్ వస్తే, అది సప్లయరు మెయిల్ నుంచే వచ్చినా సరే, ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాకుండా మొదటినుంచీ మాట్లాడుతున్న నంబరుకి ఫోన్ చేసి ఆయన నోటితోనే వినాలి. ఈ నియమం ఒప్పందంలో ఒక వాక్యంగా ముందే రాసిపెడితే ఆ రోజు ఫోన్ చేసినప్పుడు ఎవరికీ చిన్నతనం అనిపించదు.

ఎవరికి ఆర్డర్ ఇవ్వలేకపోయినా, వాళ్లకి రెండు వాక్యాల మెయిల్ పెట్టాలి: కాగితాలు అందాయనీ, ఈసారికి వేరేవారికి ఇచ్చామనీ, వివరాలు మా ఫైల్లో గోప్యంగా ఉంటాయనీ. వచ్చే ప్రాజెక్టుకి మళ్లీ వాళ్లనే అడగాల్సి రావచ్చు, అప్పుడు కొత్తగా అడగాల్సింది గడువు తీరిన కాగితాలే.